టికెట్ మూసేశామన్న దుకాణానికి రాయాల్సిన జవాబు

"మీ అభ్యర్థనను పరిశీలించాం. మా టెక్నీషియన్ పరీక్షలో మీ ఫోన్‌లో ఎలాంటి లోపం కనబడలేదు. ఈ వస్తువుకు రిటర్న్ గడువు కూడా ముగిసింది. కనుక రీఫండ్ ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నాం. వారంటీ సేవల కోసం దగ్గరలోని బ్రాండ్ సర్వీస్ సెంటర్‌ను సంప్రదించగలరు. మీ టికెట్‌ను మూసివేస్తున్నాం."

ఆన్‌లైన్‌లో కొన్న ఫోన్ పాడైందని ఫిర్యాదు చేస్తే వచ్చే తిరస్కరణ మెయిల్ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఇది చదివాక కొందరు ఊరుకుంటారు. ఇంకొందరు కోపం పట్టలేక పెద్ద ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరానికి కూడా ఇవే వాక్యాలు కాస్త అటూ ఇటూ మారి జవాబుగా వస్తాయి. నిజానికి ఈ మెయిల్ ముగింపు కాదు. మన వాదన ఎక్కడ నిలబడాలో ఆ దుకాణమే రాతపూర్వకంగా చెప్పిన కాగితం ఇది. మొదటి ఫిర్యాదు కన్నా దీనికి మనం రాసే జవాబే ముఖ్యమైనది. ఆ జవాబు ఎలా ఉండాలో, అందులో ఏ మాట ఎందుకు ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఖమ్మంలో ఒక బడి పంతులమ్మ గారు ఆన్‌లైన్‌లో 18,999 రూపాయలకు ఫోన్ కొన్నారనుకుందాం. జూన్ 3న చేతికి వచ్చింది. 5వ తేదీ నుంచి ఫోన్ తనంతట తానే ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతోంది. రోజుకు ఒకసారో రెండుసార్లో, ఎక్కువగా వీడియో కాల్‌లో ఉన్నప్పుడు. దుకాణం ఇచ్చిన గడువు 7 రోజులు. ఆమె 6వ తేదీనే యాప్‌లో ఫిర్యాదు పెట్టి, బిల్లు డబ్బు తిరిగి ఇవ్వమని అడిగారు. 9న టెక్నీషియన్ ఇంటికి వచ్చి, తన ఫోన్‌లోని యాప్‌తో పావుగంట పరీక్షించి వెళ్లాడు. 11న పై మెయిల్ వచ్చింది.

ఆ మెయిల్‌ను ఇప్పుడు నెమ్మదిగా చదవాలి. అందులో మూడు కారణాలు ఒకదాని వెంట ఒకటి దొర్లిపోయాయి. లోపం లేదన్నారు, గడువు దాటిందన్నారు, వారంటీ కింద బ్రాండ్‌ను అడగమన్నారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు కూడా. లోపమే లేకపోతే సర్వీస్ సెంటర్‌కు వెళ్లమనడం ఎందుకు? అయితే ఈ ప్రశ్నతో ఎత్తిపొడిస్తే లాభం లేదు. మూడు కారణాలకూ విడివిడిగా, ఒక్కో దానికి ఒక్కో ఆధారంతో జవాబు చెప్పాలి. ఒక్క కారణాన్ని వదిలేసినా తర్వాతి మెయిల్ సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది.

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఈ మెయిల్ పంపిన ఉద్యోగికి నిర్ణయం మార్చే అధికారం ఉండదు. ముందే రాసిపెట్టిన జవాబుల్లోంచి ఒకటి ఎంచి పంపడమే అతని పని. అతన్ని తిట్టడం అన్యాయం, అతన్ని ఒప్పించడానికి ప్రయత్నించడం కాలహరణం. మన జవాబు అతని మెయిల్‌కే వెళ్లినా, దాన్ని చదవాల్సినవాడు వేరే ఉన్నాడు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థా ఒక గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టాలి. ఆయన పేరు, హోదా, సంప్రదించే వివరాలు తన సైట్‌లో చూపాలి. ఫిర్యాదు అందినట్టు ఆయన 48 గంటల్లో తెలపాలి, అందిన నాటి నుంచి నెలలోపు పరిష్కరించాలి. కస్టమర్ కేర్‌లో 'సీనియర్ టీమ్‌కు పంపుతాం' అన్న మాటకు చట్టంలో ఏ గడువూ లేదు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఉంది. అందుకే పై అధికారికి పంపండి అని మామూలుగా అడగకుండా ఈ హోదాను పేరుపెట్టి అడగాలి. ఆయన వివరాలు యాప్‌లో అట్టడుగున, షరతుల పేజీలోనో 'మమ్మల్ని సంప్రదించండి' పేజీలోనో దొరుకుతాయి.

ఇక మొదటి కారణం, 'లోపం కనబడలేదు'. ఎక్కువ కేసులు చిక్కుకునేది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

పగిలిన తెర, పలకని స్పీకర్ లాంటి లోపాలు ఎవరు చూసినా కనబడతాయి. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపాలతోనే చిక్కు. టెక్నీషియన్ యాప్ టచ్, కెమెరా, స్పీకర్, సెన్సర్లు, బ్యాటరీ ఒక్కోటి పరీక్షించి 'సరే' అని గుర్తు పెడుతుంది. రోజుకోసారి ఆగిపోయే ఫోన్ ఆ పావుగంటలో ఆగకపోవచ్చు. పరీక్ష అబద్ధం కాదు, కానీ మనం చెప్పిన లోపాన్ని అది పరీక్షించలేదు. జవాబులో రాయాల్సింది ఈ సంగతే. టెక్నీషియన్ అబద్ధమాడాడని రాస్తే మనం నిరూపించలేని ఆరోపణ మన నెత్తినే పడుతుంది.

ఆధారం మనమే తయారుచేసుకోవాలి. ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే దానితో వీడియో తీయాలి. మొదట పాడైన ఫోన్‌లో `*#06#` నొక్కి, తెరమీద వచ్చే ఐఎంఈఐ నంబరును, పక్కనే పెట్టె మీద ముద్రించిన నంబరును చూపించాలి. తర్వాత కెమెరా ఆపకుండా ఫోన్‌ను మామూలుగా వాడుతూ ఉండాలి. లోపం ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ఇది ఓపిక అడిగే పని. కానీ వీడియో కాల్‌లో ఎక్కువగా వస్తోందని తెలిసినప్పుడు ఆ కాల్ పెట్టే వీడియో తీస్తే పట్టుబడే అవకాశం ఎక్కువ. ముక్కలు ముక్కలుగా కత్తిరించి కలిపిన వీడియో కన్నా ఆపకుండా తీసిన రెండు నిమిషాల వీడియో విలువైనది.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకో చిన్న సాక్షి ఉంటుంది. Settings లో About phone లోకి, అక్కడి నుంచి స్టేటస్ వివరాల్లోకి వెళ్తే Up time అని ఒక గడియారం కనబడుతుంది. ఫోన్ చివరిసారి ఆన్ అయి ఎంతసేపయిందో అది చూపిస్తుంది. పొద్దున ఆన్ చేసిన ఫోన్ సాయంత్రం నాలుగింటికి '12 నిమిషాలు' అని చూపితే మధ్యలో ఆగి లేచిందన్నమాట. ఆగిన ప్రతిసారీ ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, సమయం, అప్పుడు ఏం చేస్తున్నారో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. స్క్రీన్‌షాట్ ఒక్కటే అన్నీ నిరూపించదు, ఫోన్‌ను మనమే ఆపి ఆన్ చేశామని అనొచ్చు. వీడియో, ఈ చిట్టా, సర్వీస్ సెంటర్ కాగితం మూడూ ఒకే మాట చెప్పినప్పుడు దాన్ని కొట్టిపారేయడం కష్టం.

'మీరు వేసుకున్న యాప్ వల్లే ఇలా అవుతోంది' అన్న మాట కూడా వస్తుంది. దానికి ముందే రెండు పనులు చేసి ఉంచాలి. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో నడిపితే మనం వేసుకున్న యాప్‌లు పనిచేయవు. అప్పుడూ ఆగిపోతోందంటే తప్పు యాప్‌లది కాదు. ఫ్యాక్టరీ రీసెట్ చేశాక కూడా ఆగుతోందంటే ఇంకా గట్టి ఆధారం. రీసెట్‌కు ముందు ఫొటోలు, స్క్రీన్‌షాట్లు వేరేచోట భద్రపరచాలి, లేకపోతే మన సాక్ష్యాన్ని మన చేతులతోనే చెరిపేసినట్టవుతుంది.

అన్నిటికన్నా బరువైన కాగితం బ్రాండ్ అధీకృత సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్‌షీట్. అది దుకాణం మాటా కాదు, మన మాటా కాదు, ఆ ఫోన్ తయారుచేసినవాళ్ల మాట. కౌంటర్‌లో ఇచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఇక్కడ మాత్రం నాలుగు విషయాలు చూసుకోవాలి. ఐఎంఈఐ నంబరు సరిగా ఉందా? 'తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది' అన్న మన ఫిర్యాదు మన మాటల్లోనే రాశారా, లేక 'జనరల్ చెకప్' అని తేల్చేశారా? ఫోన్ బయటి స్థితి దగ్గర లేని గీతలు, సొట్టలు రాశారా? వారంటీలో ఉన్నట్టు ఉందా? తిరిగి తీసుకునేటప్పుడు పరీక్షలో ఏం తేలిందో కూడా రాయించుకోవాలి. ఒక రోజంతా తమ దగ్గర పెట్టుకుని చూడమని అడిగితే సర్వీస్ సెంటర్లు సాధారణంగా కాదనవు, అప్పుడప్పుడు వచ్చే లోపానికి అదే సరైన పరీక్ష.

మన ఉదాహరణలో ఆమె 12న ఫోన్ ఇచ్చారు. 13న జాబ్‌షీట్ మీద 'రీస్టార్ట్ సమస్య గమనించాం, మెయిన్ బోర్డు మార్చాలి' అని రాశారు. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. బోర్డు మార్చడానికి వెంటనే ఒప్పుకుంటే ఫోన్ బాగవుతుంది, కానీ రీఫండ్ అడిగే బలం తగ్గుతుంది, 'మరమ్మతు చేసిచ్చాం కదా' అంటారు. పైగా బోర్డు మారితే ఐఎంఈఐ కూడా మారవచ్చు. అప్పుడు బిల్లు మీద ఒక నంబరు, ఫోన్‌లో మరో నంబరు అవుతుంది. రీఫండే కావాలనుకుంటే 'కస్టమర్ మరమ్మతుకు ఒప్పుకోలేదు, అమ్మినవారి నుంచి రీఫండ్ కోరుతున్నారు' అని రాయించి ఫోన్‌ను అలాగే వెనక్కి తెచ్చుకోవాలి. మరమ్మతుతో సరిపెట్టుకోవడం తప్పు కాదు. కానీ మూడోరోజే పాడైన కొత్త ఫోన్‌కు బోర్డు మార్పించుకుని వాడుకోమనడం న్యాయం కాదని నా అభిప్రాయం.

రెండో కారణం గడువు. దీనికి జవాబు ఒక్క వాక్యంలో ఉంటుంది, అయితే ఆ వాక్యంలో తేదీలు ఉండాలి. లెక్కలోకి వచ్చేది మనం ఫిర్యాదు చేసిన తేదీ. టెక్నీషియన్ వచ్చిన రోజో, వాళ్లు తిరస్కరించిన రోజో కాదు. జూన్ 3న అందిన ఫోన్‌పై 6న ఫిర్యాదు చేస్తే 7 రోజుల లోపే అడిగినట్టు. పరీక్ష పేరుతో మిగతా రోజులు గడిపింది వాళ్లు. అందుకే ఫిర్యాదు పెట్టగానే వచ్చే టికెట్ నంబరు మెసేజ్‌ను ఎప్పుడూ తీసేయకూడదు. ప్రతి ఫిర్యాదుకూ ఇలాంటి నంబరు ఇవ్వాలని ఆ నియమాల్లోనే ఉంది. ఫోన్‌లో మాత్రమే మాట్లాడి వదిలేసినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కాల్ చేశామన్న సంగతి ఉంటుంది, ఏం చెప్పామన్నది ఉండదు.

మూడోది, 'వారంటీ కింద బ్రాండ్‌ను అడగండి'. వారంటీ అనేది తయారీదారు అదనంగా ఇచ్చే హామీ. అది ఉన్నంత మాత్రాన అమ్మినవారి బాధ్యత తీరిపోదు. ఈ-కామర్స్ నియమాల్లో 6వ నియమం, 3వ ఉపనియమం ఈ మాట స్పష్టంగా చెబుతుంది: మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మే విక్రేత లోపమున్న సరుకును వెనక్కి తీసుకోవడానికి గానీ, తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ నిరాకరించకూడదు. ఇక్కడ విక్రేత అంటే యాప్ పేరు కాకపోవచ్చు. బిల్లు మీద 'అమ్మినవారు' అన్నచోట, జీఎస్టీ నంబరు పక్కన వేరే సంస్థ పేరు ఉండటం మామూలే. ఉత్తరంలో ఆ పేరు రాయాలి, యాప్ సంస్థ పేరూ రాయాలి. లేకపోతే 'మేం మధ్యవర్తులం మాత్రమే' అని ఒకరు, 'అది యాప్ పాలసీ' అని మరొకరు తప్పించుకుంటారు.

ఇప్పుడు ఉత్తరం రాద్దాం. పాత మెయిల్‌కే రిప్లై కొట్టాలి, కొత్తది మొదలుపెట్టకూడదు. అప్పుడు మొత్తం ఉత్తర ప్రత్యుత్తరాలు ఒకే వరసలో ఉంటాయి, తర్వాత చదివేవారికి వెతుకులాట ఉండదు. గ్రీవెన్స్ ఆఫీసర్ చిరునామానూ చేర్చాలి. విషయం అన్న చోట 'చాలా అన్యాయం, వెంటనే స్పందించండి' అని కాకుండా ఆర్డర్ నంబరు, టికెట్ నంబరు, 'గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఫిర్యాదు: లోపమున్న ఫోన్, రీఫండ్ తిరస్కరణ' అని రాయాలి. ఆపై ఇలా:

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

ఈ ఆర్డర్ కింద రూ. 18,999 చెల్లించి కొన్న ఫోన్ (ఐఎంఈఐ నంబరు బిల్లులో ఉన్నదే) నాకు జూన్ 3న అందింది. జూన్ 5 నుంచి అది వాడుకలో ఉండగా తనంతట తానే ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. జూన్ 6న మీ యాప్‌లో ఫిర్యాదు చేసి రీఫండ్ కోరాను. జూన్ 11న మీ కస్టమర్ కేర్ మూడు కారణాలు చెప్పి తిరస్కరించింది. ఆ నిర్ణయాన్ని నేను అంగీకరించడం లేదు.

లోపం కనబడలేదన్నారు. మీ టెక్నీషియన్ జూన్ 9న సుమారు 15 నిమిషాలు పరీక్షించారు. ఈ లోపం రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చేది. బ్రాండ్ అధీకృత సర్వీస్ సెంటర్ జూన్ 12, 13 తేదీల్లో పరీక్షించి, లోపాన్ని గమనించినట్టు, మెయిన్ బోర్డు మార్చాలని జాబ్‌షీట్‌లో రాసింది. జాబ్‌షీట్, వీడియో, లోపం వచ్చిన సమయాల చిట్టా జతచేశాను. సేఫ్ మోడ్‌లోనూ, ఫ్యాక్టరీ రీసెట్ తర్వాతా లోపం అలాగే ఉంది.

గడువు ముగిసిందన్నారు. మీ గడువు 7 రోజులు. నా ఫిర్యాదు 4వ రోజున నమోదైంది. టికెట్ మెసేజ్ జతచేశాను.

వారంటీ కింద బ్రాండ్‌ను సంప్రదించమన్నారు. నేను మరమ్మతు కోరడం లేదు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి విక్రేత నిరాకరించకూడదని వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు 2020, నియమం 6(3) చెబుతోంది.

కనుక ఫోన్‌ను వెనక్కి తీసుకుని, పూర్తి మొత్తం రూ. 18,999 నేను చెల్లించిన మార్గంలోనే జూన్ 24 లోపు తిరిగి జమచేయవలసిందిగా కోరుతున్నాను. ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపగలరు. తిరస్కరించే పక్షంలో ఏ కారణంతో, ఏ షరతు ప్రకారం తిరస్కరిస్తున్నారో, నిర్ణయం తీసుకున్న అధికారి పేరు, హోదాతో రాతపూర్వకంగా ఇవ్వగలరు. మీ టెక్నీషియన్ పరీక్ష నివేదిక ప్రతి కూడా పంపగలరు.

పేరు, ఫోన్ నంబరు, తేదీ.

ఇంతే. ఒక పేజీ కూడా నిండదు. కోపం మాట ఒక్కటీ లేదు, పిల్లల చదువు పాడైందన్న బాధ కూడా లేదు. అది నిజమైన బాధే, కానీ దానికి చోటు తర్వాత నష్టపరిహారం అడిగే ఫిర్యాదులో. ఇక్కడ దాన్ని రాస్తే జవాబులో ఒక సానుభూతి వాక్యం వస్తుంది, డబ్బు రాదు. దుకాణం ఇంగ్లిషులో ఉత్తరాలు నడుపుతుంటే ఈ ఉత్తరాన్నీ ఇంగ్లిషులోనే పంపడం మేలు. అప్పుడు కూడా వాక్యాలు ఇంత పొట్టిగానే ఉండాలి.

ఇందులో కొన్ని మాటల వెనక కారణం చెప్పాలి. 'ఆ నిర్ణయాన్ని నేను అంగీకరించడం లేదు' అన్న వాక్యం లేకపోతే, టికెట్ మూసేశాక మనం ఊరుకున్నామని, ఒప్పుకున్నామని తర్వాత అనొచ్చు. 'రీఫండ్ గానీ, కొత్త ఫోన్ గానీ, మరమ్మతు గానీ' అని మూడు దారులు తెరిస్తే వాళ్లు తమకు ఖర్చు తక్కువయ్యేదే ఎంచుకుంటారు. అందుకే ఒక్కటే అడగాలి. 'చెల్లించిన మార్గంలోనే' అనకపోతే డబ్బు యాప్ వాలెట్‌లో కూపన్‌గా వచ్చి పడే ప్రమాదం ఉంది. చివరన టెక్నీషియన్ నివేదిక అడగడం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఆ నివేదికలో మనం చెప్పిన లోపాన్ని పరీక్షించినట్టు ఒక్క గడి కూడా లేకపోతే వాళ్ల మొదటి కారణం అక్కడితో తేలిపోతుంది. నివేదిక ఇవ్వకపోయినా, అడిగినా ఇవ్వలేదన్నది రికార్డులో ఉంటుంది.

తిరస్కరణకు కారణం 'నీళ్లు తగిలాయి' అయితే జవాబు కాస్త మారుతుంది. చాలా ఫోన్లలో సిమ్ పెట్టేచోట లోపల చిన్న తెల్ల స్టిక్కర్ ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. టార్చి వేసి మనమే చూడొచ్చు. తెల్లగా ఉంటే ఫొటో తీసి జతచేయాలి. ఎర్రగా ఉంటే మన వాదన చాలా బలహీనమని ఒప్పుకోక తప్పదు. వాళ్లు నీళ్లు తగిలాయని అంటే మాత్రం ఎక్కడ, ఏ ఫొటో ఆధారంగా అన్నారో అడగడం మన హక్కు.

ఉత్తరం వెళ్లాక ఫోన్ కాల్స్ మొదలవుతాయి. 'మెయిల్ ఎందుకండీ, మేం చూసుకుంటాం' అంటూ సగం డబ్బుకు కూపన్ ఇస్తామనడమో, ఉచిత మరమ్మతు చేయిస్తామనడమో జరుగుతుంది. తీసుకోవాలో వద్దో ఎవరి అవసరం వారిది. కానీ అది మెయిల్‌లో రాసి పంపమని అడగాలి, మనం ఒప్పుకున్నా కాదన్నా అదీ మెయిల్‌లోనే చెప్పాలి. మరో జాగ్రత్త: సంస్థ స్పందించడం లేదని సోషల్ మీడియాలో రాసినవారికి 'కస్టమర్ కేర్ నుంచి' అంటూ మోసగాళ్లు ఫోన్ చేస్తారు. రీఫండ్ కోసం ఓటీపీ చెప్పమన్నా, తెర కనబడే యాప్ వేసుకోమన్నా, పది రూపాయలు పంపమన్నా అది మోసమే. డబ్బు తిరిగి ఇవ్వడానికి ఎవరికీ మన ఓటీపీ అక్కర్లేదు. ఈఎంఐ మీద కొన్నవాళ్లు కోపంతో వాయిదా ఆపేయకూడదు. అప్పు బ్యాంకుది, తగువు దుకాణానిది, వాయిదా ఆగితే పాడయ్యేది మన సిబిల్ స్కోరు.

ఇదంతా ఆన్‌లైన్ సంగతి. వీధిలోని మొబైల్ షాపులో కొంటే ఈ-కామర్స్ నియమాలు వర్తించవు, గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండడు. అక్కడ పట్టుకోవాల్సింది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(47). లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకు వస్తుందని అందులో ఉంది. ఉత్తరం షాపు యజమాని పేర స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఉత్తరం అందిందన్న వివరం పోస్టాఫీసు ట్రాకింగ్‌లో కనబడుతుంది, దాన్ని అప్పుడే ప్రింటు తీసి పెట్టుకోవాలి.

ఈ ఉత్తరం గెలవని సందర్భాలూ ఉన్నాయి. రంగు నచ్చలేదని, మరోచోట చవగ్గా దొరుకుతోందని అడిగితే చట్టం మన వెంట రాదు. కొన్న ఐదు నెలలకు లోపం వస్తే ముందు వారంటీ మరమ్మతుకే వెళ్లాలి. ఒకే లోపం మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు, ప్రతిసారీ జాబ్‌షీట్ ఉన్నప్పుడు రీఫండ్ వాదనకు బలం వస్తుంది. తయారీలోనే లోపముందని చూపాల్సిన భారం కొన్నవారి మీదే ఉంటుంది. కింద పడి పగిలిన తెర ఉన్న ఫోన్‌లో లోపలి లోపాన్ని నిరూపించడం మరీ కష్టం.

జూన్ 24 దాటినా జవాబు రాకపోతే, లేదా మళ్లీ అదే జవాబు వస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు. consumerhelpline.gov.in లో కాగితాలు జతచేసి కూడా పెట్టొచ్చు. ఇది కోర్టు కాదు, ఆదేశం ఇవ్వలేదు. ఫిర్యాదును ఆ సంస్థకు పంపి జవాబు తెప్పిస్తుంది. పెద్ద ఆన్‌లైన్ సంస్థలతో చాలావరకు ఇక్కడే తెగుతుంది, ఎందుకంటే ఇక్కడికి వచ్చిన ఫిర్యాదు కస్టమర్ కేర్ బల్ల దాటి వేరే విభాగానికి చేరుతుంది. మన ఉత్తరం సరిగ్గా రాసి ఉంటే ఇక్కడ కొత్తగా రాయాల్సింది ఏమీ ఉండదు, దాన్నే పెట్టొచ్చు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవారు బెంగళూరులో ఉన్నా మనం నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, e-Jagriti పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ధర తిరిగి ఇప్పించడం, పడ్డ కష్టానికి పరిహారం, కేసు ఖర్చులు ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. లోపం పరీక్షించకుండా తేలదనుకుంటే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారమూ ఉంది. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, ఆచరణలో ఎక్కువే పడుతుంటుంది. యాప్ సంస్థ, బిల్లు మీది విక్రేత, తయారీదారు ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి.

కమిషన్ దాకా వెళ్లే ఆలోచన ఉంటే ఆ ఫోన్‌ను బయట ఏ షాపులోనూ విప్పించకూడదు, అమ్మకూడదు, మార్పిడికి ఇవ్వకూడదు. బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఛార్జింగ్ పెట్టకుండా, వేడికి దూరంగా ఉంచి, ఉబ్బినట్టు ఫొటో తీసి ఆ సంగతి అదే మెయిల్ వరసలో దుకాణానికి రాయాలి. ఐఎంఈఐ ముద్ర ఉన్న పెట్టె, ఛార్జరు, బిల్లు ప్రింటు, జాబ్‌షీట్ అసలు కాగితం ఒకే సంచిలో ఉండాలి. థర్మల్ కాగితం మీద ముద్రించిన రసీదులు కొన్నాళ్లకు వెలిసిపోతాయి కాబట్టి వచ్చిన రోజే వాటిని జిరాక్స్ తీయించాలి.